తిరిగొచ్చిన వ్యాసాన్ని తగ్గించి మళ్లీ పంపినప్పుడు ఎడిటరుకు ఏం రాసినాను

మన ఊళ్ల తెలుగు మీద రాసే వాళ్లు ఇప్పుడు మనలో కొందరు ఉన్నారు. ఇక్కడ రాయడం వేరు, భాషాశాస్త్రం జర్నలుకు పంపడం వేరు. జర్నలుకు పంపితే చాలాసార్లు తిరిగొస్తుంది. నాదీ తిరిగొచ్చింది. దాన్ని మార్చి, తగ్గించి, అదే జర్నలుకు మళ్లీ పంపినాను. అప్పుడు వ్యాసం కంటే ఎక్కువ తిప్పలు పెట్టింది దాని ముందు పెట్టే ఒక పేజీ ఉత్తరం. దాన్ని కవర్ లెటర్ అంటారు. అది ఎట్ల రాసినానో, ఎందుకు అట్ల రాసినానో చెప్తాను. జర్నల్ పేరూ ఊరి పేరూ చెప్పను, మిగతాదంతా చెప్తాను.

ముందు వ్యాసం సంగతి. మాది కృష్ణగిరి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం కూడా. మా ఇంట్లో "వాడు చెప్పినాడు", "మేము వచ్చినాము" అంటాము. పుస్తకాల్లో, సినిమాల్లో "చెప్పాడు", "వచ్చాము" అని ఉంటుంది. ఈ తేడా మీద రాస్తామని మొదలుపెట్టినాను. రాస్తా రాస్తా వలస చరిత్ర వచ్చి చేరింది, పెండ్లి పేరంటాల మాటలు వచ్చినాయి, 160 మాటల పట్టిక వచ్చింది. చివరికి 11,600 పదాలు అయింది. జర్నల్ హద్దు 8,000. "బాగుంటే వాళ్లే ఒప్పుకుంటారులే" అనుకొని పంపేసినాను.

నాలుగు నెలలకు తిరస్కరణ వచ్చింది.

ఎడిటర్ ఉత్తరాన్ని ఎట్ల చదవాలి

మొదటి రోజు నాకు "తిరస్కరించాము" అనే మాట తప్ప ఇంకేమీ కనపడలేదు. వారం తర్వాత మళ్లీ చదివితే చివర ఇంకో వాక్యం ఉంది: పూర్తిగా మార్చి రాస్తే కొత్త వ్యాసంగా పరిశీలిస్తాము అని. ఆ ఒక్క వాక్యం మీదే అంతా నిలబడుతుంది.

ఎడిటర్ల జవాబులు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది, మార్పులు చేసి పంపమనడం. అప్పుడు వ్యాసం పాత నంబరు మీదే నడుస్తుంది. రెండోది, తిరస్కరించినా మళ్లీ పంపడానికి తలుపు తెరిచి పెట్టడం. అప్పుడు కొత్త నంబరు వస్తుంది, సమీక్షకులు పాతవాళ్లు కావచ్చు, కొత్తవాళ్లు కావచ్చు. మూడోది, తలుపు మూసేయడం. మూడోదైతే పేరు మార్చి అదే జర్నలుకు చప్పుడు లేకుండా పంపకూడదు. పాత రికార్డు వాళ్ల దగ్గర ఉంటుంది. దొరికితే వ్యాసంతో పాటు మన మాట మీద నమ్మకం కూడా పోతుంది. ఉత్తరంలో మళ్లీ పంపే మాటే లేకపోతే, నాలుగు వాక్యాల మెయిల్ రాసి ముందు అడగడం మేలు.

నాది రెండో రకం. కాబట్టి ఇది పాత వ్యాసమే అన్న సంగతి దాచే పని లేదు. దాచకూడదు కూడా. కవర్ లెటర్ మొదటి పేరాలోనే పాత నంబరు, పాత పేరు, తిరస్కరించిన తేదీ పెట్టాలి. పేరు మార్చి ఉంటే అదీ చెప్పాలి.

సమీక్షకులు పట్టుకున్న తప్పు

ఇద్దరు సమీక్షకులు. ఇద్దరూ "పొడుగు ఎక్కువ" అన్నారు. ఆ ఒక్కటే పట్టుకొని ఉంటే నేను అక్కడొక పేరా, ఇక్కడొక పేరా కోసి 8,000కు దించి పంపేవాణ్ణి. అది మళ్లీ తిరిగొచ్చేది. ఎందుకంటే పొడుగు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. అసలు జబ్బు వాళ్లు రాసిన మిగతా రెండు మాటల్లో ఉంది.

ఒకటి. నేను "చెప్పినాడు అనే పాత రూపం మా దగ్గరే మిగిలింది, విజయనగరం కాలంలో వలస వచ్చినప్పుడు తెచ్చుకున్నాము" అని రాసినాను. సమీక్షకుడు ఒకే వాక్యం రాసినాడు: ఇదే రూపం చిత్తూరులో, అనంతపురంలో ఈ రోజుకీ నడుస్తా ఉంది కదా, మరి మీ ఊరి ప్రత్యేకత ఏమిటి? నిజమే. నేను మా ఊరి మాటను కోస్తా మాటతోనే పోల్చినాను. కొండ అవతల చిత్తూరు జిల్లాలో మా చుట్టాలు కూడా "చెప్పినాడు" అనే అంటారు. ఇన్నాళ్లూ విన్నాను, లెక్కలోకి తీసుకోలేదు. మనం బయట రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్లం ఈ తప్పు తరచుగా చేస్తాము. "మాది పాత తెలుగు" అనుకోవడం మనకు తీపి. కానీ పోల్చాల్సింది మన పొరుగు మాండలికంతో. హోసూరు, కృష్ణగిరి వాళ్లు చిత్తూరుతో, బళ్లారి వాళ్లు అనంతపురంతో, బరంపురం వాళ్లు శ్రీకాకుళంతో, షోలాపురం పద్మశాలీలు తెలంగాణతో, యానాం వాళ్లు చుట్టూ ఉన్న గోదావరి మాటతో పోల్చుకోవాలి. ఆ పోలిక తర్వాత కూడా మిగిలేదే మన ప్రత్యేకత.

రెండోది ఇంకా లోతుగా తగిలింది. నేను రికార్డింగుల్లోని భూతకాల క్రియలన్నీ లెక్కపెట్టి, "పెద్దవాళ్లలో పాత రూపం ఇంత శాతం" అని రాసినాను. రెండో సమీక్షకురాలు (రాత తీరును బట్టి ఆవిడే అనుకుంటున్నాను) అడిగినారు: "చెప్పింది", "తిన్నాడు" లాంటివి కూడా లెక్కపెట్టినారా?

పెట్టినాను. పెట్టకూడదు. ఎందుకో చెప్తాను. "చెప్పినాడు" కోస్తాలో కుదించుకొని "చెప్పాడు" అయింది, మధ్యలోని "ఇన" పోయింది. కాని "ఆమె చెప్పింది", "బండి వచ్చింది" అనేవి రెండు వైపులా ఒకటే. మా అవ్వ అన్నా, విజయవాడ టీవీలో అన్నా "చెప్పింది"యే. అట్లే "తిన్నాడు", "విన్నాడు", "అన్నాడు" కూడా రెండు వైపులా ఒకటే. తేడా కనపడే అవకాశమే లేని చోట "మావాళ్లు పాత రూపం నిలుపుకున్నారు" అని లెక్క రాసుకోవడం తప్పు. తేడా తెలిసేది "చెప్పినాడు - చెప్పాడు", "వచ్చినాము - వచ్చాము", "పోయినారు - పోయారు" లాంటి చోట్ల మాత్రమే.

ఈ రెండు రకాలూ తీసేస్తే నా ఉదాహరణల్లో సగానికి దగ్గరగా ఎగిరిపోయినాయి. అందులో నా మనసుకు కష్టమైనది ఒకటుంది. నా రికార్డింగుల్లో అన్నిటికంటే మంచిది మా అవ్వది. వాళ్లమ్మ కరువు సంవత్సరంలో ఇల్లు ఎట్ల నడిపిందో నలభై నిమిషాలు చెప్తుంది. కథంతా వాళ్లమ్మ మీద. కాబట్టి క్రియలన్నీ "పోయింది, తెచ్చింది, దంచింది, పెట్టింది". ఈ వ్యాసానికి పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ రికార్డింగు కోసమే నేను వ్యాసం మొదలుపెట్టినాను. ఇప్పుడు దాన్నే తీసేయాలి.

మా ఊరి పక్కన కాలేజీలో పనిచేసి రిటైరైన ఒక సారుకు చూపించినాను. ఆయన చదివి, "ఏమప్పా, ఇది వ్యాసమా, ఇంటి పంపకమా? అందరికీ తలా ఒక వాటా పెట్టినావు" అన్నాడు. అవ్వ సంగతి చెప్తే, కాసేపు ఊరుకొని, "అవ్వను వదిలేయమని ఎవరూ అనలేదు గదా. ఈ ప్రశ్నకు ఆమె సాక్షి కాదు, అంతే. ఆమె సాక్ష్యం ఇంకో ప్రశ్నకు పనికొస్తుంది" అన్నాడు.

తగ్గించడం అంటే ఏం జరిగింది

అప్పుడు వ్యాసం చెప్పే మాటనే మార్చుకున్నాను. "పాత రూపం మా దగ్గరే ఉంది" అన్నది పోయింది. దాని బదులు: మా ఊళ్లో ఇంట్లో మాట్లాడేటప్పుడు "చెప్పినాడు" గట్టిగానే ఉంది, చిన్నవాళ్లు ఆంధ్రా చుట్టాలతో మాట్లాడేటప్పుడు "చెప్పాడు"కు మారుతున్నారు, కాబట్టి మార్పు వయసును బట్టి కంటే ఎదుటి మనిషిని బట్టి ఎక్కువ నడుస్తా ఉంది. చిన్న మాటే. కాని దానికి నా దగ్గర ఆధారం ఉంది.

మాట చిన్నది కాగానే వ్యాసం తనంత తానే తగ్గింది. వలస చరిత్ర 2,900 పదాల నుంచి 400కు వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు వాదన దాని మీద నిలబడలేదు. 160 మాటల పట్టిక పూర్తిగా పోయింది. వెనక ఎక్కడో ఉన్న క్రియల భాగం మొదటికి వచ్చింది. చిత్తూరు, అనంతపురం మాటతో పోలిక కొత్తగా 900 పదాలు చేరింది. మొత్తం 7,400.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. హద్దులో ఆధార గ్రంథాల జాబితా, పట్టికలు, ఉదాహరణలు కలుస్తాయో లేదో జర్నల్ సూచనల్లో చూసుకోవాలి. భాషాశాస్త్రంలో ఒక్కో ఉదాహరణకు మూడు వరసలు పడతాయి: పలికిన మాట, దాని కింద ముక్కముక్కకూ అర్థం, దాని కింద అనువాదం. నలభై ఉదాహరణలుంటే అవే పేజీలు తింటాయి. నేను ఒకే విషయం చూపించేవి తీసేసి పదిహేను ఉంచినాను. రెండోది, తీసినదంతా అనుబంధంలోకి తోసేసి "తగ్గించాము" అనకూడదు. అనుబంధం చదివితేనే వాదన అర్థమయ్యేట్లుంటే అది తగ్గినట్టు కాదు, చోటు మారినట్టు.

ఉత్తరం

ఇంగ్లీషులో రాసిన ఉత్తరాన్ని ఇక్కడ మన మాటల్లో పెడుతున్నాను.

> గౌరవనీయులైన సంపాదకులకు,
>
> కృష్ణగిరి జిల్లాలోని ఒక ఊరి తెలుగులో భూతకాల క్రియారూపాల మీద రాసిన వ్యాసాన్ని పంపుతున్నాను. దీని ముందటి రూపాన్ని మీరు ఫలానా నంబరు కింద పరిశీలించి, ఫలానా తేదీన తిరస్కరించారు. పూర్తిగా మార్చి రాస్తే కొత్త వ్యాసంగా చూస్తామని ఆ ఉత్తరంలో తెలిపారు. వ్యాసం పేరు కూడా మారింది. పాత పేరు ఫలానా.
>
> ముందటి వ్యాసం మీద వచ్చిన ప్రధాన అభ్యంతరం, పాత రూపం ఈ ఊళ్లోనే మిగిలిందన్న వాదన పొరుగు మాండలికాలతో పోలిస్తే నిలవదని. ఆ అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను. ఆ వాదనను విరమించుకున్నాను. ఇప్పటి వ్యాసం ఒకే ప్రశ్న అడుగుతుంది: ఇంటి రూపం, పుస్తక రూపం రెండూ తెలిసినవారు దేన్ని ఎవరితో వాడుతున్నారు?
>
> దానికి తగ్గట్టు వ్యాసం కూర్పు మారింది. క్రియల విశ్లేషణ ముందుకు వచ్చింది. చిత్తూరు, అనంతపురం ప్రాంతాల మాటతో పోలిక కొత్తగా చేరింది. పోల్చిన మాండలికాల్లో ఒకేలా ఉండే రూపాలను లెక్కలోంచి తీసివేసి, పట్టికలన్నీ తిరిగి లెక్కించాను. అందువల్ల ఉదాహరణల సంఖ్య తగ్గింది, పాత వ్యాసంలోని శాతాలు ఇక వర్తించవు. వలస చరిత్రను ఒక చిన్న భాగానికి కుదించాను. పదాల పట్టికను తొలగించాను, దాన్ని అనుబంధంగా కూడా పెట్టలేదు. వ్యాసం 11,600 పదాల నుంచి 7,400కు తగ్గింది. ఇందులో ఆధార గ్రంథాల జాబితా కూడా కలిసి ఉంది.
>
> ఒక సూచనను పాటించలేకపోయాను. మొదటి సమీక్షకులు మరో రెండు ఊళ్ల రికార్డింగులు చేర్చమన్నారు. అవి నా దగ్గర లేవు. కాబట్టి వ్యాసంలోని నిర్ణయాలను ఈ ఒక్క ఊరికే పరిమితం చేసి, ఆ సంగతి మొదట్లోనూ చివర్లోనూ రాశాను.
>
> సమీక్షకుల ప్రతి అభ్యంతరానికీ జవాబు వేరే పత్రంలో ఉంది. మాట్లాడిన వారందరూ రికార్డింగుకు అంగీకరించారు, ఎవరి పేరూ వ్యాసంలో లేదు. ఈ వ్యాసం ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు.

అంతే. ఒక పేజీ.

ఎందుకు అట్ల రాసినాను

మొదటి ముసాయిదా ఇట్ల లేదు. "సమీక్షకుల విలువైన సూచనల మేరకు వ్యాసాన్ని సమూలంగా సవరించి, గణనీయంగా కుదించాను" అని ఒక వాక్యం రాసి, కింద ధన్యవాదాలు పెట్టినాను. సారు దాన్ని చూసి, "ఈ వాక్యం ఏ వ్యాసానికైనా అతుక్కుంటుంది, నీది ఏది?" అన్నాడు. ఎడిటర్ ఆ ఉత్తరం చదివేది ఒకే నిర్ణయం కోసం: దీన్ని మళ్లీ సమీక్షకులకు పంపాలా, వద్దా. ఆ నిర్ణయానికి కావలసింది, ముందు ఏది దెబ్బతిందో అది ఇప్పుడు లేదన్న సంగతి. "గణనీయంగా" అనే మాట ఆ సంగతి చెప్పదు. "ఆ వాదనను విరమించుకున్నాను" అనేది చెప్తుంది.

"శాతాలు ఇక వర్తించవు" అన్న వాక్యం రాయడానికి నాకు చేయి రాలేదు. మన తప్పును మనమే చూపించినట్టు ఉంటుంది. కాని పాత సమీక్షకురాలికే వ్యాసం పోతే ఆమె దగ్గర పాత అంకెలు ఉంటాయి. కొత్త అంకెలు వేరుగా కనిపిస్తే, కారణం చెప్పకుండా ఎందుకు మారినాయని అనుమానం వస్తుంది. లెక్క మారినప్పుడు చెప్పేయడమే మంచిది.

పాటించని సూచనను కూడా ఉత్తరంలోనే పెట్టినాను. దాన్ని జవాబుల పత్రంలో పదహారో అంశం కింద దాచితే, దొరికినప్పుడు మిగతా పదిహేను కూడా అనుమానంలో పడతాయి. ఒకటి చేయలేకపోతే కారణం, దానికి బదులుగా ఏం తగ్గించుకున్నామో రెండు వాక్యాల్లో చెప్తే చాలు. మూడో వాక్యం వస్తే అది వాదన అవుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చాలా జర్నల్స్‌లో కవర్ లెటర్ ఎడిటర్ దగ్గరే ఆగిపోతుంది, సమీక్షకులకు పోదు. కాబట్టి సమీక్షకులకు తెలియాల్సింది ఉత్తరంలో మాత్రమే రాసి ఊరుకోకూడదు, జవాబుల పత్రంలో కూడా రాయాలి. ఆ పత్రంలో మాత్రం పేరు ఉండకూడదు, సమీక్ష పేర్లు తెలియకుండా జరుగుతుంది కాబట్టి. "మా అవ్వ రికార్డింగు" అని కూడా రాయకూడదు, "ఒక వృద్ధ వక్త రికార్డింగు" అని రాయాలి. ఫైలు వివరాల్లో కంప్యూటర్ తనంత తాను మన పేరు పెట్టేస్తుంది, అదీ తీసేయాలి.

తీసేసిన పదాల పట్టికను ఇక్కడ పెడతామని మొదట అనుకున్నాను. సమీక్ష నడుస్తా ఉండగా నా పేరుతో అదే ఊరి పట్టిక బయట కనపడితే వ్యాసం ఎవరిదో తెలిసిపోతుంది. అందుకని ఆగినాను.

పంపిన పది రోజులకు ఎడిటర్ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: మార్పులు స్పష్టంగా ఉన్నాయి, సమీక్షకు పంపుతున్నాము అని. ఇప్పుడు అది వాళ్ల దగ్గర ఉంది. ఏమవుతుందో చూడాలి.

ఈలోగా అవ్వ నలభై నిమిషాలూ రాసుకుంటా ఉన్నాను, ఏ లెక్కా లేకుండా, ఆమె చెప్పినట్టే. అందులో రాగులు నిలవ చేసే పాతరల మాటలు ఉన్నాయి, కరువులో తిన్న ఆకుల పేర్లు ఉన్నాయి. "చెప్పినాడు"కు ఆమె సాక్షి కాకపోయినా, వీటికి మా ఊళ్లో మిగిలిన సాక్షి ఆమె ఒక్కతే. జర్నల్ నుంచి జవాబు వచ్చిన రోజు, ఏ జవాబైనా సరే, అది ఇక్కడ పెడతాను.